‘నేటి ధర’ ఏ రోజుది? పసుపు రేట్ల డ్యాష్‌బోర్డు వెనక ఉన్న చరిత్ర

ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల లాంటి ఊళ్లలో పసుపు కొనే చిన్న వ్యాపారికి పొద్దున్నే మొదటి పని ఫోన్‌లో రేటు చూసుకోవడం. నిజామాబాద్‌లో పసుపు కొమ్ము ఎంత, సాంగ్లీలో ఎంత, ఈరోడ్‌లో ఎంత అని చూస్తాడు. ఊళ్లో తెలిసిన కుర్రాడెవరో ప్రభుత్వ డేటా పోర్టల్ నుంచి ధరలు లాగి చిన్న డ్యాష్‌బోర్డు చేసిపెట్టి ఉంటాడు. పైన ‘నేటి ధర’ అని ఉంటుంది. కింద అంకె మాత్రం మొన్నటిది, ఒక్కోసారి పోయిన శుక్రవారానిది. సర్వర్ పాడైందనో, కుర్రాడికి పని రాదనో వ్యాపారి విసుక్కుంటాడు. చాలాసార్లు రెండూ నిజం కాదు. ఆ ఒక్క అంకె వ్యాపారి దాకా రావడానికి కట్టిన దారి ఒకేసారి కట్టింది కాదు. తొంభై ఏళ్లకు పైగా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చింది.

అడుగున ఉన్నది మార్కెట్ యార్డు. 1928లో రాయల్ కమిషన్ ఆన్ అగ్రికల్చర్ దేశంలో నియంత్రిత మార్కెట్లు పెట్టాలని సిఫారసు చేసింది. హైదరాబాద్ సంస్థానంలో 1930లో, మద్రాసు ప్రెసిడెన్సీలో 1933లో మార్కెట్ల చట్టాలు వచ్చాయి. తరవాత 1966 నాటి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం రెండు ప్రాంతాలకూ ఒకే పద్ధతి తెచ్చింది. అప్పటి ఉద్దేశం ధరను ప్రపంచానికి చాటడం కాదు. తూకంలో మోసం ఆపడం, రైతు సరుకు బహిరంగంగా అమ్ముడయ్యేలా చూడడం, అడ్తి కమీషన్‌కు ఒక హద్దు పెట్టడం. ధర రాసేది తక్‌పట్టీ అనే అమ్మకం చీటీ మీద, మార్కెట్ కమిటీ రిజిస్టర్‌లో. ఆ రాత లెక్క కోసం, మార్కెట్ ఫీజు కోసం. బయటివాళ్లకు తెలియాలంటే ఆకాశవాణిలో చదవాలి, పత్రికలో వేయాలి, లేదా ఎవరైనా ఎస్టీడీ ఫోన్ చేయాలి.

దాని మీద రెండో అంతస్తు 2000 మార్చిలో లేచింది. కేంద్ర వ్యవసాయ శాఖ కింద మార్కెటింగ్, ఇన్‌స్పెక్షన్ డైరెక్టరేట్ ఉంది. ప్రభుత్వ కంప్యూటర్ పనులు చూసే ఎన్‌ఐసీ సాయంతో అది మొదలుపెట్టిన మార్కెట్ ధరల వ్యవస్థే అగ్‌మార్క్‌నెట్. యార్డు కమిటీలకు కంప్యూటర్లు ఇచ్చి, ఆ రోజు సరుకు రాక ఎంత, ధర ఎంత అని ఎక్కించమన్నారు. ఈ పనికి విడిగా మనిషిని పెట్టింది తక్కువ. సరుకు దిగి, బిడ్లు ముగిసి, దడ్వాయిలు తూకం వేసి, తక్‌పట్టీలు రాసిన తరవాతే కమిటీ ఉద్యోగికి ఈ పనికి తీరిక దొరుకుతుంది. అంటే మధ్యాహ్నం దాటాక, కొన్నిచోట్ల సాయంత్రం, పసుపు సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు మర్నాడు. నేటి ఆలస్యానికి మొదటి కారణం ఇదే. ఉదయం తొమ్మిదికి డ్యాష్‌బోర్డులో ఈ రోజు ధర వెతకడమంటే ఇంకా జరగని వేలం ధర అడగడమే.

అగ్‌మార్క్‌నెట్ ఒక్కో సరుకుకు మూడు ధరలు అడుగుతుంది: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. మూడోది సగటు కాదు. ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో అది. తేడా ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఒక రోజు కొమ్ము 100 క్వింటాళ్లు వచ్చింది అనుకుందాం. 60 క్వింటాళ్లు 11,800కి, 25 క్వింటాళ్లు 12,600కి, మంచి పాలిష్ ఉన్న 15 క్వింటాళ్లు 13,900కి పోయాయి. మోడల్ ధర 11,800. తూకం ప్రకారం సగటు 12,315. క్వింటాల్‌కు 515 రూపాయల తేడా! మోడల్ ధర చూసుకుని గ్రామంలో 11,800కి అడిగిన వ్యాపారిని, ఆ రోజు యార్డుకు వెళ్లొచ్చిన రైతు నమ్మడు. అలాగని అంకె తప్పు కాదు. పైగా ఈ ‘ఎక్కువ సరుకు’ను అన్ని యార్డుల్లో ఒకేలా లెక్కగడతారని అనుకోవడానికి లేదు. కొన్నిచోట్ల అది రాసే మనిషి అంచనాయే.

మూడో అంతస్తు 2012లో వచ్చింది. ప్రభుత్వ సమాచారాన్ని అందరికీ అందుబాటులో పెట్టాలని ఆ ఏడాది జాతీయ డేటా విధానం నోటిఫై చేశారు. అక్టోబర్‌లో data.gov.in మొదలైంది. అగ్‌మార్క్‌నెట్ ధరలు దాని ద్వారా కూడా దొరకడం మొదలయ్యాక, పేజీలు తెరిచి కాపీ చేసే బాధ పోయి, నేరుగా ప్రోగ్రామ్‌తో అడిగే వీలు కలిగింది. ఊరి కుర్రాడి డ్యాష్‌బోర్డు పుట్టింది ఇక్కడే. అడిగే తీరు ఇలా ఉంటుంది:

```
https://api.data.gov.in/resource/9ef84268-d588-465a-a308-a864a43d0070
  ?api-key=KEY&format=json&offset=0&limit=500
  &filters[commodity]=Turmeric
```

(ఇది ఒకే లైనుగా రాయాలి, చదవడానికి వీలుగా విడగొట్టాను.) పోర్టల్ చూపించే నమూనా కీతో అడిగితే పది వరసలే వస్తాయి. చాలామంది ‘నిజామాబాద్ లేదేంటి’ అని తల పట్టుకునేది దీని దగ్గరే. ఖాతా తెరిచి సొంత కీ తీసుకోవాలి. జవాబులో `total` ఎంత ఉందో, `count` ఎంత వచ్చిందో సరిచూడాలి. రెండూ సమానం కాకపోతే `offset` పెంచి మిగతావి తెచ్చుకోవాలి.

అసలు గొడవ పైన అడిగిన ఈ డేటా వనరు స్వభావంలో ఉంది. ఇందులో ఆ రోజు ధరలే ఉంటాయి, రేపు వాటి చోట రేపటివి వస్తాయి. దాచుకోకపోతే నిన్నటివి దొరకవు. సోమవారం ధరను మంగళవారం ఎక్కించిన యార్డు ఇందులో కనబడకుండా పోవచ్చు. వెనకటి తేదీలకు అదే పోర్టల్‌లో మరో వనరు ఉంది, రకం వారీ రోజువారీ ధరలది. దాన్ని `Arrival_Date`తో అడగాలి. మొదటిదాంట్లో గడుల పేర్లు `modal_price` అని చిన్న అక్షరాల్లో ఉంటే, రెండోదాంట్లో `Modal_Price`. ఇంత చిన్న తేడాకే ప్రోగ్రామ్ నోరెత్తకుండా ఖాళీ గడులు నింపేస్తుంది. సీఎస్‌వీ దింపుకున్నవాళ్లకు `Modal_x0020_Price` అనే వింత పేరు తగిలి ఉంటుంది. ఖాళీ చోటుకు పాత ఫైల్ పద్ధతి వేసిన కోడ్ అది, భయపడాల్సింది ఏమీ లేదు.

తేదీ సంగతి ఇంకాస్త తీరిగ్గా చెప్పాలి. `arrival_date` రోజు/నెల/సంవత్సరం వరసలో, మామూలు అక్షరాలుగా వస్తుంది. దాన్ని తేదీగా మార్చకుండా వరస పెడితే 02/04/2025 కన్నా 28/03/2025 కొత్తదని తేలుతుంది, ఎందుకంటే 28 పెద్దది. మార్చి నెలాఖరు దాటగానే డ్యాష్‌బోర్డు మార్చి 28 దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తుంది. కొన్ని స్ప్రెడ్‌షీట్లు 02/04/2025ను ఫిబ్రవరి 4గా చదువుతాయి. పసుపు సీజన్‌లో ఫిబ్రవరికీ ఏప్రిల్‌కీ ధర ఎంత మారుతుందో వ్యాపారికి చెప్పనక్కర్లేదు.

జవాబులో `updated_date` అని ఇంకోటి ఉంటుంది. అది పోర్టల్ ఆ వనరును ఎప్పుడు తాజా చేసిందో చెబుతుంది, వేలం ఎప్పుడు జరిగిందో కాదు. డ్యాష్‌బోర్డు పైన దాన్నే చూపిస్తే, పాత ధర పక్కన కొత్త తేదీ మెరుస్తూ ఉంటుంది. నా లెక్కలో ఈ రకం డ్యాష్‌బోర్డుల్లో అన్నిటికన్నా హాని చేసే తప్పు ఇదే. ఖాళీ గడి ఎవరినీ మోసం చేయదు, తప్పు తేదీతో ఉన్న గడి చేస్తుంది. ‘నేటి ధర’ అనే మాటే తీసేసి, ప్రతి అంకె పక్కన వేలం తేదీ రాసి, సెలవులు పోను రెండు రోజులు దాటితే బూడిద రంగులో చూపించడం మేలు. శని, ఆదివారాలు చాలా యార్డులకు సెలవు. కాబట్టి సోమవారం ఉదయం శుక్రవారం ధర ఉండడం సహజమే. బుధవారం కూడా అదే ఉంటేనే అనుమానించాలి.

రోజూ ఒకసారి కాకుండా మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, మర్నాడు పొద్దున అడగడం ఈ చరిత్రకు సరిపోయే పద్ధతి. వచ్చిన ప్రతి వరసను మార్కెట్, సరుకు, రకం, గ్రేడ్, తేదీ కలిపిన గుర్తుతో దాచాలి. అదే గుర్తుతో మళ్లీ వస్తే పాతదాని మీద రాయాలి, ఎందుకంటే సాయంత్రం యార్డువాళ్లు అంకె దిద్దవచ్చు. కొత్తది చేరేముందు చిన్న పరీక్ష పెట్టాలి: కనిష్ఠం కన్నా మోడల్, మోడల్ కన్నా గరిష్ఠం తక్కువ కాకూడదు. క్వింటాల్ ధర చోట కిలో ధర, ఒక సున్నా తక్కువ, ఇలాంటి చేతి తప్పులు కొన్ని అప్పుడే దొరుకుతాయి. అనుమానం వచ్చినదాన్ని చెరపకుండా పక్కన పెట్టి మనిషి చూడాలి.

పేర్లు కూడా కాలంతో మారతాయి. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి. కరీంనగర్ జిల్లాలో ఉన్న మెట్‌పల్లి జగిత్యాల జిల్లాలోకి వెళ్లింది. జిల్లా పేరుతో వడపోస్తే ఇలాంటి చోట్ల దెబ్బతింటాం, మార్కెట్ పేరుతో పోవాలి. ఆ పేరు వెనక ఎప్పుడైనా మార్కెట్ కమిటీని సూచించే ‘ఏపీఎంసీ’ అని చేర్చినా వడపోత ఖాళీ అవుతుంది. ‘సరుకు రాలేదు’, ‘పేరు దొరకలేదు’ అని డ్యాష్‌బోర్డు విడివిడిగా చెప్పగలగాలి.

రకం విషయంలో నిజామాబాద్ కొమ్మును సాంగ్లీ రాజాపురితో పక్కపక్కన పెట్టి తేడా చూపించే గ్రాఫులు అందంగా ఉంటాయి కానీ, అవి రెండు వేరు సరుకులు. కొమ్ము వరస `Finger` అని, గోళా వరస `Bulb` అని వస్తాయి. రెండూ ఒకే పసుపు కింద కలిపి సగటు చేస్తే వచ్చే ధరకు ఎక్కడా ఎవరూ అమ్మరు, కొనరు.

2016 ఏప్రిల్ 14న జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి 21 మార్కెట్లలో తెలంగాణవి కూడా ఉన్నాయి. అక్కడ లాట్ వారీగా కంప్యూటర్‌లో బిడ్లు పడతాయి కాబట్టి ధర వేలంలోనే నమోదవుతుంది. అది వేరే సంస్థ నడిపే వేరే వ్యవస్థ. అందులో కనిపించే అంకె, అగ్‌మార్క్‌నెట్ అంకె ఒకే రోజు ఒకే యార్డుకు తేడాగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. ఏది చూపిస్తున్నామో మాత్రం రాసి ఉండాలి.

ఇక ఈ పోర్టల్ వనరులో లేనిది రాక. ఎన్ని టన్నులు దిగాయో ఆ వరసల్లో ఉండదు, అగ్‌మార్క్‌నెట్ సైట్‌లోని నివేదికల్లో విడిగా చూడాలి. రెండు లాట్లే వచ్చిన రోజు మోడల్ ధర, యార్డు నిండిన రోజు మోడల్ ధర డ్యాష్‌బోర్డులో ఒకేలా కనిపిస్తాయి. ధర ఒక్కసారిగా ఎగిరిన రోజు వ్యాపారి ముందు రాక చూడాలి, లేదా గంజ్‌లోని అడ్తిదారుకు ఫోన్ చేసి ‘ఎన్ని బస్తాలు దిగినయ్’ అని అడగాలి.