కాయిన్ల లావాదేవీలు, పన్ను లెక్కలు: అపోహలు - వాస్తవాలు

రిటర్ను గడువు దగ్గరపడ్డాక క్రిప్టో కాయిన్ల లెక్కలతో వచ్చేవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది బ్యాంకు స్టేట్‌మెంటు మాత్రమే. ఎంత పంపాం, ఎంత వెనక్కి వచ్చింది అన్నది దాన్లో ఉంటుంది. ఏ రోజు ఏ కాయిన్ ఎంతకు కొన్నాం, ఫీజు ఎంత, టీడీఎస్ ఎంత అన్నది మాత్రం ఉండదు. పన్ను పడేదేమో వాటి మీదే. భారత్‌లో రిటర్ను వేసేవారి లెక్క ఇది. 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి కాయిన్ల లాభం మీద సెక్షన్ 115బీబీహెచ్ కింద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు పడుతున్నాయి. 2022 జులై 1 నుంచి అమ్మకంపై 194ఎస్ కింద 1 శాతం టీడీఎస్ కూడా కోస్తున్నారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి ఆ తర్వాతి లావాదేవీలకు సెక్షన్ల నంబర్లు మారతాయి. కింద వాడినవి పాత నంబర్లే.

అపోహ: అమ్మాక చేతికొచ్చిన డబ్బే అమ్మకం ధర

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతున్నాయి, అందుకే దీన్ని కాస్త నిదానంగా చూద్దాం. అంకెలు లెక్కకు సులువుగా ఉండేలా పెట్టినవి.

ఒకరు 0.5 ఈథర్‌ను, ఒక్క ఈథర్ ధర ₹2,00,000 ఉన్నప్పుడు కొన్నారు. అంటే ₹1,00,000. ఎక్స్ఛేంజి ఫీజు 0.2 శాతం లెక్కన ₹200, దాని మీద 18 శాతం జీఎస్టీ ₹36. కొన్నాళ్లకు ధర ₹2,80,000కి చేరాక మరో 0.5 ఈథర్ కొన్నారు. ఈసారి ₹1,40,000. తర్వాత ధర ₹3,00,000 ఉండగా 0.8 ఈథర్ అమ్మేశారు.

అమ్మకం విలువ ₹2,40,000. ఫీజు ₹480, దాని మీద జీఎస్టీ ₹86.40. ఈ రెండూ పోను మిగిలిన ₹2,39,433.60 మీద 1 శాతం టీడీఎస్ ₹2,394.34. చివరికి ఖాతాలో పడింది ₹2,37,039.26.

అమ్మకం కాలమ్‌లో ఈ చివరి అంకె వేస్తే రెండు తప్పులు జరుగుతాయి. టీడీఎస్ అనేది మీ తరఫున ముందే కట్టిన పన్ను. దాన్ని అమ్మకం ధరలోంచి తీసేసి, మళ్లీ రిటర్నులో క్రెడిట్‌గా కూడా చూపిస్తే ఒకే డబ్బును రెండుసార్లు వాడుకున్నట్టు. ఇక అమ్మినప్పటి ఫీజు సంగతి. కొన్న ఖర్చు తప్ప మరే ఖర్చునూ తీసేయడానికి 115బీబీహెచ్ ఒప్పుకోదు. టీడీఎస్ లెక్కించేటప్పుడు ఫీజు, జీఎస్టీ మినహాయించాలని 2022 జూన్‌లో వచ్చిన సర్క్యులర్ చెప్పిన మాట నిజమే కానీ, అది టీడీఎస్ వరకే. లాభం లెక్కలో ఆ ఫీజు తగ్గదు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుంటారు.

కాబట్టి సరైన లెక్క ₹2,40,000 నుంచి మొదలవుతుంది. ముందు కొన్నది ముందు అమ్మినట్టు తీసుకుంటే, మొదటి 0.5 ఈథర్ ఖరీదు ₹1,00,000, దాని అమ్మకం వాటా ₹1,50,000, లాభం ₹50,000. రెండో కొనుగోలులోంచి 0.3 ఈథర్ ఖరీదు ₹84,000, అమ్మకం వాటా ₹90,000, లాభం ₹6,000. మొత్తం లాభం ₹56,000. పన్ను, సెస్సు కలిపి ₹17,472. అందులోంచి టీడీఎస్ ₹2,394 తగ్గుతుంది.

అమ్మింది ఒక్కసారే అయినా రాసింది రెండు వరుసలు. రిటర్నులోని షెడ్యూల్ వీడీఏ అడిగేది కూడా ఇలాగే: కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ఖర్చు, వచ్చిన మొత్తం. కొన్న తేదీలు రెండు కాబట్టి వరుసలూ రెండే. ముందు కొన్నదే ముందు అమ్మినట్టు లెక్కించాలని కాయిన్ల విషయంలో చట్టం ప్రత్యేకంగా చెప్పలేదు. అయినా వాడుకలో ఉన్న పద్ధతి అదే, సమర్థించుకోవడమూ తేలిక. ఏది పట్టుకున్నా ఏటా అదే పాటించాలి. ఒక ఏడాది సగటు ధర, మరో ఏడాది ముందు కొన్నది అంటే ఒకే కాయిన్ ఖర్చు రెండుసార్లు లెక్కలోకి వచ్చేస్తుంది.

మరి కొన్నప్పటి ఫీజు? అది కొన్న ఖర్చులో భాగమేనని వాదించే ఆడిటర్లు ఉన్నారు, కాదని జాగ్రత్తపడేవారూ ఉన్నారు. పై లెక్కలో దాన్ని కలపలేదు. మా సలహా ఒక్కటే: ఫీజును ధరలో ఎప్పుడూ కలిపి రాయకండి. వేరే కాలమ్‌లో ఉంటే మీ ఆడిటరు ఏ వైపు వెళ్లినా లెక్క నిమిషంలో తేలుతుంది. కలిపేశాక విడదీయాలంటే ప్రతి ఆర్డరూ మళ్లీ తెరవాల్సిందే.

ఒక్కో లావాదేవీకి ఈ కాలమ్స్ చాలు:

```
date_ist,type,coin,qty,rate_inr,gross_inr,fee_inr,gst_inr,tds_inr,trade_id
```

పన్ను శాఖ దగ్గర మీ పేరున ఉండే ఏఐఎస్‌లో, ఫారం 26ఏఎస్‌లో ఈ అమ్మకానికి కనిపించే అంకె మీ ₹2,40,000తో కలవకపోవచ్చు. ఎక్స్ఛేంజి ఫీజు తీసేసి చూపిస్తే అక్కడ ₹2,39,433.60 ఉంటుంది. తేడా సరిగ్గా ఫీజు, జీఎస్టీల మొత్తమే అయితే కంగారు పడక్కర్లేదు. ఆ తేడా ఎక్కడిదో మీ షీటే చెబుతుంది.

అపోహ: రూపాయల్లోకి మార్చుకోనంత వరకు లెక్క రాయక్కర్లేదు

ఒక కాయిన్ ఇచ్చి మరొకటి తీసుకున్నా అది అమ్మకమే. పై ఉదాహరణలో మిగిలిన 0.2 ఈథర్ ఖరీదు ₹56,000. ఈథర్ ధర ₹3,10,000 ఉన్న రోజున దాన్ని వేరే టోకెన్‌కు మార్చారనుకుందాం. ఆ క్షణంలో దాని విలువ ₹62,000, లాభం ₹6,000. ఫీజు, టీడీఎస్ పక్కన పెడితే కొత్త టోకెన్ కొన్న ఖర్చు ₹62,000 అవుతుంది. ఈ ఒక్క అంకె రాసుకోకపోతే, రేపు ఆ టోకెన్ అమ్మేటప్పుడు ఖరీదు ఎంతో చెప్పే ఆధారమే ఉండదు.

యూఎస్‌డీటీతో కొనేవారు ఇక్కడ ఎక్కువగా దెబ్బతింటారు. డాలరుతో సమానమని దాన్ని నగదులా చూస్తారు. చట్టం దృష్టిలో అది విదేశీ కరెన్సీ కాదు, మరో కాయిన్. యూఎస్‌డీటీ ఇచ్చి ఈథర్ కొంటే యూఎస్‌డీటీ అమ్మినట్టు ఒక వరుస, ఈథర్ కొన్నట్టు మరో వరుస రాయాలి. రూపాయి విలువకు బ్యాంకు డాలరు రేటు వేసేస్తే సరిపోదు, ఎందుకంటే ఇక్కడి ఎక్స్ఛేంజీల్లో యూఎస్‌డీటీ రేటు దానికంటే ఎక్కువే పలకడం మామూలు. ఏ ఎక్స్ఛేంజి రేటు, ఏ సమయానిది అన్నది ఒకసారి ఖాయం చేసుకుని ఏడాదంతా అదే వాడండి. స్క్రీన్‌షాట్ దాచుకోండి.

అపోహ: లాభంలోంచి నష్టం తీసేసి మిగిలింది చూపిస్తే చాలు

ఆ కొత్త టోకెన్ పడిపోయి ₹40,000కి అమ్మారు. నష్టం ₹22,000. షెడ్యూల్ వీడీఏలో ఆ వరుస లాభం గడిలో సున్నా పడుతుంది. ఒక కాయిన్ నష్టాన్ని మరో కాయిన్ లాభంతోనూ సర్దుకోలేం, వచ్చే ఏడాదికీ తీసుకెళ్లలేం. ఈ వ్యక్తి నిజంగా సంపాదించింది ₹40,000. పన్ను పడేది మాత్రం ₹56,000, ₹6,000 లాభాలు కలిపి ₹62,000 మీద, అంటే సెస్సుతో ₹19,344. షేర్లకు అలవాటుపడినవారికి ఇది మింగుడు పడదు. అయినా నష్టం వరుసను షీటులోంచి తీసేయకూడదు. ఆ అమ్మకానికీ టీడీఎస్ కోశారు, అదీ ఏఐఎస్‌లో ఉంటుంది.

అపోహ: సొంత వాలెట్‌కి పంపుకుంటే రాసేదేం లేదు

పన్ను లేదన్నంత వరకు నిజం. రాయాల్సింది మాత్రం ఉంది. ఒక ఎక్స్ఛేంజిలో ఒక్కోటి ₹8,000 చొప్పున 50 సోలానా కొని మరో చోటికి పంపితే, 0.01 ఫీజు పోను 49.99 చేరాయి. రెండో చోట దించుకున్న లావాదేవీల ఫైలులో ఇది ఉత్త జమగా కనిపిస్తుంది, ఖరీదు ఉండదు. లెక్కల సాఫ్ట్‌వేర్ దాన్ని సున్నా ఖరీదుకు వచ్చినట్టు పట్టుకుంటుంది. ఒక్కోటి ₹10,000కి అమ్మితే నిజమైన లాభం ₹99,980, సాఫ్ట్‌వేర్ చూపేది ₹4,99,900. పన్ను దాదాపు ₹31,200 బదులు ₹1,56,000 అవుతుంది. బయటికి వెళ్లిన వరుసకూ లోపలికి వచ్చిన వరుసకూ ఆ బదిలీకి గుర్తుగా వచ్చే ట్రాన్సాక్షన్ హ్యాష్ ఒకటే రాసి జత చేస్తే ఈ గొడవ ఉండదు. ఫీజుగా పోయిన 0.01ని విడిగా ఫీజు వరుసలో రాయండి. మిగిలిన కాయిన్ల ఖరీదుకు దాన్ని కలపొద్దు.

అపోహ: ఫైలు ఎప్పుడైనా దించుకోవచ్చు, అన్నీ అందులోనే ఉంటాయి

దించుకున్న ఫైలును నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే రెండు తప్పులు చడీచప్పుడు లేకుండా దూరతాయి.

ఒకటి సమయం. చాలా ఎక్స్ఛేంజీలు యూటీసీ సమయం ఇస్తాయి, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. 31-03-2025 రాత్రి 7:10 అని ఉన్న అమ్మకం మనకు 01-04-2025 అర్ధరాత్రి దాటాక 12:40. అలాగే వదిలేస్తే లాభం ఒక ఆర్థిక సంవత్సరంలో, దాని టీడీఎస్ మరో సంవత్సరంలో పడతాయి. తేదీ A2లో ఉంటే పక్క గడిలో ఇది వేయండి:

```
=A2+TIME(5,30,0)
```

ఫలితం `#VALUE!` అని వస్తే ఎక్సెల్ దాన్ని తేదీగా గుర్తించలేదని అర్థం. రోజు, నెల తారుమారైన తేదీలు ఇంకా ప్రమాదం, ఎందుకంటే 05-04ను మే 4గా తీసుకుని ఏ తప్పూ చూపించదు.

రెండోది ట్రేడ్ నంబరు. ఎక్సెల్ 15 అంకెల వరకే నిలబెట్టుకుంటుంది, ఆపైన సున్నాలు వేసేస్తుంది. 1029384756123456781, 1029384756123456789 అనే రెండు వేర్వేరు ట్రేడ్లు రెండూ 1029384756123450000 అయిపోతాయి. ఆ తర్వాత డూప్లికేట్లు తీసేయమంటే అసలు ట్రేడే ఎగిరిపోతుంది. అందుకే ఫైలును డేటా మెనూ ద్వారా తెచ్చుకుంటూ ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోవాలి. ఆర్డర్ నంబరు మీద డూప్లికేట్లు అసలే తీయొద్దు. ఒకే ఆర్డరు మూడు ముక్కలుగా నెరవేరితే మూడింటికీ ఆర్డర్ నంబరు ఒకటే ఉంటుంది.

మార్చిన ఫైలు పక్కన ముట్టుకోని అసలు ఫైలు కూడా ఉంచండి. మూడు నెలలకోసారి దించుకుంటే మంచిది, ఎక్స్ఛేంజి మూతపడితే పాత చరిత్ర అడిగే చోటు ఉండదు. పాత అసెస్‌మెంటును మళ్లీ తెరిచే గడువు, తప్పిన ఆదాయం ₹50 లక్షలు, అంతకు మించి ఉంటే, ఆ అసెస్‌మెంటు సంవత్సరం ముగిశాక 5 ఏళ్ల 3 నెలల దాకా ఉంది. అమ్మని కాయిన్ కాగితాలకు ఆ గడువు అమ్మిన ఏడాది నుంచి మొదలవుతుంది. 2021లో కొని 2027లో అమ్మితే 2021 కాగితం 2034 దాకా కావాలి.

చివరి తనిఖీ రూపాయల్లో కాకుండా పరిమాణంలో చేయండి. పై షీటులో ఈథర్ కొన్నది 1.0, అమ్మినది 0.8, మార్చినది 0.2, మిగలాల్సింది సున్నా. వాలెట్‌లో 0.2 కనిపిస్తుంటే మార్పిడి వరుస తప్పుగా ఉన్నట్టే, లేదా కొన్న ముక్క ఒకటి రాయనట్టే. కాయిన్ కాయిన్‌కూ ఈ లెక్క కలిశాకే రూపాయల కాలమ్ వైపు చూడండి.