ముందు పెరిగేది అమ్మాయిలు, ఎక్కువ పెరిగేది అబ్బాయిలు: ఎందుకని?

1870లలో అమెరికాలోని బోస్టన్‌లో హెన్రీ బౌడిచ్ అనే వైద్యుడు వేలాది బడిపిల్లల ఎత్తు కొలిపించాడు. చిన్నప్పటి నుంచీ కాస్త పొడుగ్గా ఉంటూ వచ్చిన అబ్బాయిలను 12, 13 ఏళ్ల దగ్గర అమ్మాయిలు దాటేస్తున్నారనీ, ఆ తర్వాత రెండు మూడేళ్లలో అబ్బాయిలు మళ్లీ ముందుకెళ్తున్నారనీ ఆ లెక్కల్లో తేలింది. అయితే అవి ఒక్కో వయసులో వేర్వేరు పిల్లల సగటులు. ఒకే బిడ్డ ఏ ఏడు ఎంత పెరిగిందో వాటిలో కనపడదు.

ఆ సంగతి తేలాలంటే అదే పిల్లలను ఏళ్ల తరబడి కొలవాలి. 1940ల చివర్లో ఇంగ్లండ్‌లోని హార్పెండెన్‌లో, పిల్లల వసతిగృహంలో, జేమ్స్ టానర్, రెజినాల్డ్ వైట్‌హౌస్ ఆ పని మొదలుపెట్టారు. బ్రిటన్ పిల్లల్లో ఎదుగుదల అత్యంత వేగంగా ఉండేది అమ్మాయిలకు 12 ఏళ్ల దగ్గర, అబ్బాయిలకు 14 దగ్గర అని తేలింది.

పెద్దయ్యాక ఆడా మగా ఎత్తుల్లో కనిపించే సుమారు 13 సెంటీమీటర్ల తేడాకు మూలం చాలావరకు ఈ రెండేళ్లలోనే ఉంది. ఒక అమ్మాయికి పదేళ్లకు ఒక్కసారిగా పెరగడం మొదలైందనుకుందాం. అదే ఎత్తున్న అబ్బాయి 12 ఏళ్ల దాకా ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున మామూలుగానే పెరుగుతాడు. తన వంతు వచ్చేసరికి, ఆ అమ్మాయి మొదలుపెట్టిన ఎత్తు కంటే ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు పైనుంచి మొదలుపెడతాడు. ఆ పైన అతని వేగమూ కొంత ఎక్కువే. తేడాలో మిగతా భాగం అక్కడ వస్తుంది.

మరి ఎదుగుదలను ఆపేదేమిటి? మగవాళ్లలో ఆ పని మగ హార్మోను అయిన టెస్టోస్టెరాన్‌దే అని చాలాకాలం నమ్మారు. 1994లో అమెరికా వైద్యులు ప్రకటించిన ఒక కేసు ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. 28 ఏళ్ల వ్యక్తి, ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. టెస్టోస్టెరాన్ సరిపడా ఉంది. కానీ జన్యులోపం వల్ల అతని శరీరం ఆడ హార్మోనుగా పేరున్న ఈస్ట్రోజన్‌కు స్పందించదు. ఎక్స్‌రేలో ఎముకల వయసు 15 ఏళ్లే. అంటే ఎముకల చివర ఉండే ఎదుగుదల పొరలను మూసేది అబ్బాయిల్లోనూ ఈస్ట్రోజనే. వాళ్ల శరీరం టెస్టోస్టెరాన్‌లో కొంత భాగాన్ని ఈస్ట్రోజన్‌గా మార్చుకుంటుంది. కొద్ది మోతాదులో ఎదుగుదలను ఉరికించేదీ, మోతాదు పెరిగి ఏళ్లు గడిచాక ఆపేదీ అదే హార్మోను. అమ్మాయిల్లో అది ముందుగా పెరుగుతుంది కాబట్టి రెండూ ముందే జరుగుతాయి.

పెద్దమనిషి అయిన రోజుతో ఎత్తు ఆగిపోతుందని మన ఇళ్లలో అనుకుంటారు. నిజానికి రజస్వల అయ్యేది వేగం తగ్గడం మొదలయ్యాక. ఆ తర్వాత కూడా సగటున ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. పట్టించుకోవలసింది మరీ తొందరగా ఈడు వస్తే. అమ్మాయికి ఎనిమిదేళ్లలోపు రొమ్ములు పెరిగినా, అబ్బాయికి తొమ్మిదేళ్లలోపు వృషణాలు పెరిగినా పిల్లల వైద్యుడికి చూపించాలి. అలాంటి బిడ్డ అప్పటికి తరగతిలో అందరికంటే పొడుగ్గా ఉండొచ్చు, కానీ ఎముకలు ముందే మూసుకుపోయి చివరికి పొట్టిగా మిగిలిపోవచ్చు. ఎడమచేతి ఎక్స్‌రేతో ఎముకల వయసు తెలుస్తుంది. అవసరమైతే ఈడును కొంతకాలం నిలిపి ఉంచే ఇంజెక్షన్లు ఉన్నాయి.