అపోహ: తక్కువ ఖర్చుతో దొరికేవాళ్లను ఎక్కువ తీసుకుంటే సర్వే గట్టిపడుతుంది

ఈమధ్య ఒకాయన సర్వే ప్లాన్ తెచ్చి చూపించారు. శాంపిల్ 880. అందులో 840 మంది ఫోన్‌లో, 40 మంది ఇంటికి వెళ్లి. "అదే బడ్జెట్‌లో మీరు 400 అంటున్నారేంటండీ?" అని అడిగారు. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు.

ఆయన లెక్కే చూద్దాం. జనాభాలో 60 శాతం ఫోన్‌కు దొరుకుతారు, ఒక్కొక్కరికి ఖర్చు 1 యూనిట్. మిగతా 40 శాతం కోసం ఇంటికే వెళ్లాలి, ఒక్కొక్కరికి 9 యూనిట్లు. బడ్జెట్ 1200. మనం కొలిచేదాని స్టాండర్డ్ డీవియేషన్ మొదటి గ్రూపులో 10, రెండో దాంట్లో 15. సూత్రం ఇది:

n ∝ W × S / √c

n అంటే ఆ గ్రూపులోంచి తీసుకోవాల్సినవాళ్ల సంఖ్య, W జనాభాలో ఆ గ్రూపు వాటా, S దాని స్టాండర్డ్ డీవియేషన్, c ఒక్కొక్కరికి ఖర్చు. W × S రెండు గ్రూపులకూ 6 వస్తుంది కాబట్టి తేడా అంతా ఖర్చుదే. 9 వర్గమూలం 3, అంటే 3:1. ఫోన్‌లో 300, ఇళ్లలో 100. ఖర్చు 300 + 900, సరిగ్గా 1200.

ఇక సగటు అంచనా వేరియన్స్, అంటే ఆ అంచనా ఎంత అటూ ఇటూ ఊగుతుందో. ఒక్కో గ్రూపుకు W × S వర్గాన్ని, అంటే 36ను, nతో భాగించి కలిపితే అది వస్తుంది: 36/300 + 36/100 = 0.48. ఆయన ప్లాన్‌కు 36/840 + 36/40, దాదాపు 0.94. సగానికి సగం తక్కువ మందితో వేరియన్స్ కూడా సగమైంది. ఆ 40 మంది దగ్గరే ఆయన సర్వే కుంటుతోంది. ఇంకో వెయ్యి ఫోన్లు చేసినా ఆ 36/40, అంటే 0.9, అలాగే ఉంటుంది.

వర్గమూలం మరిచిపోయి నేరుగా ఖర్చుకు విలోమంగా పంచేవాళ్లూ ఉన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే చేశాను, పైగా శాంపిల్ పెరిగిందని మురిసిపోయాను కూడా. ఇక్కడ అలా పంచితే 600, 66 వస్తాయి, వేరియన్స్ 0.6 దాటుతుంది.

"S ముందే ఎలా తెలుస్తుంది?" అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. పడక్కర్లేదు. పాత సర్వే నుంచో చిన్న పైలట్ నుంచో సుమారు అంచనా చాలు. ఇదే ఉదాహరణలో ఖర్చునూ S నీ పక్కనపెట్టి, జనాభా వాటా ప్రకారం 171, 114 తీసుకున్నా వేరియన్స్ 0.53 దగ్గరే ఆగుతుంది. కొంచెం అటూ ఇటూ అయితే కొంపలేమీ మునగవు.

c విషయంలో మాత్రం జాగ్రత్త. అది పూర్తయిన ఒక్కో ఇంటర్వ్యూకి అయ్యే ఖర్చు, ఒక్కో ప్రయత్నానికి కాదు. మూడిళ్లు తిరిగితే ఒకరు దొరికే చోట మూడు తిరుగుళ్ల ఖర్చూ అందులో కలపాలి. ట్రైనింగ్, ప్రశ్నపత్రం లాంటి స్థిర ఖర్చులు ముందే బడ్జెట్‌లోంచి తీసేయాలి.

చివర్లో 400 మందినీ కలిపి నేరుగా సగటు తీయకండి. శాంపిల్‌లో ఫోన్ గ్రూపు 75 శాతం, జనాభాలో 60 శాతమే. రెండు సగటులూ విడిగా తీసి 0.6తో, 0.4తో గుణించి కలపాలి. ఆయన షీట్‌లో అదీ లేదు.