కోసిన దూలం ఫొటో నుంచి జడత్వ భ్రామకం

విజయవాడ ఆటోనగర్‌లోని పాత ఇనుము కొట్లలో ఒక దూలం అమ్మకానికి ఉందనుకుందాం. గుంటూరులో మిర్చి గోడౌనులో అటక వేయించుకునేవాళ్లకి అది చవగ్గా వస్తోంది. కొట్టువాళ్లు దాని కోసిన చివర ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. మిల్లులో రోల్ చేసిన మామూలు ఐ-సెక్షన్ అయితే లోతు, వెడల్పు అడిగి పట్టిక చూస్తే సరిపోయేది. ఇది మూడు ప్లేట్లు వెల్డింగుతో అతికించిన దూలం. పైన వెడల్పాటి ప్లేటు, కింద దానికన్నా ఇరుకైనది, రెంటి మధ్య నిలువు ప్లేటు. దీనికి పట్టిక ఉండదు కాబట్టి లెక్క ఫొటో నుంచే మొదలవ్వాలి.

మనకి కావలసినవి రెండు. మొదటిది సెంట్రాయిడ్, అంటే ఆ అడ్డుకోత ఆకారానికి కేంద్రాభాసం. దూలం వంగినప్పుడు సాగకుండా, నలగకుండా ఉండే గీత దీని గుండానే పోతుంది. రెండోది ఆ గీత చుట్టూ జడత్వ భ్రామకం, ఇంజనీర్ల భాషలో I. పేరులో జడత్వం ఉన్నా ఇక్కడ బరువుతో పని లేదు. వైశాల్యంలోని ప్రతి చిన్న ముక్కనీ, గీత నుంచి దాని దూరపు వర్గంతో హెచ్చించి కూడితే వచ్చేదే ఇది. అందుకే దీని యూనిట్ మిల్లీమీటరు నాలుగో ఘాతం. అదే స్టీలు, అదే పొడవు ఉన్న రెండు దూలాల్లో I రెట్టింపున్నది అదే బరువుకి సగమే కిందికి వంగుతుంది.

ఆ నాలుగో ఘాతమే ఫొటోతో పనిని సున్నితం చేస్తుంది. పొడవులన్నీ 2 శాతం ఎక్కువ కొలిచామంటే I 8 శాతం పెరిగిపోతుంది. ఈ తప్పు ఎక్కువగా టేపు పెట్టే చోట జరుగుతుంది. టేపుని కోసిన ముఖానికి ఆనించకుండా, పై ప్లేటు మీద కొంచెం వెనగ్గా పడుకోబెట్టి ఫొటో తీస్తారు. కెమెరా ముఖానికి మీటరు దూరంలో ఉండి, టేపు ముఖానికి 40 మిల్లీమీటర్లు వెనక ఉంటే టేపు చిన్నగా కనిపిస్తుంది. దానితో పోల్చి కొలిచిన దూలం 4 శాతం పెద్దదిగా తేలుతుంది. నాలుగో ఘాతంలో అది 17 శాతం. లేని బలం కాగితం మీద పుట్టుకొస్తుంది.

కాబట్టి స్టీలు స్కేలుని కోసిన ముఖంతో ఒకే మట్టంలో ఉండేలా పట్టుకోవాలి. ఒకటి నిలువుగా, ఇంకొకటి అడ్డంగా, రెండు స్కేళ్లు కావాలి. రెండోది ఎందుకంటే, నిలబడి ఫోను కిందికి వంచి తీసిన ఫొటోలో ఎత్తు కుదించుకుపోతుంది, వెడల్పు మాత్రం అలాగే ఉంటుంది. ఫోను 15 డిగ్రీలు వాలితే ఎత్తు మూడున్నర శాతం దాకా తగ్గుతుంది. ఎత్తు I లోకి ఘనంగా వెళ్తుంది కాబట్టి అది 10 శాతం లోటు. నిలువు స్కేలు మీద మిల్లీమీటరుకి ఎన్ని పిక్సెళ్లో, అడ్డం స్కేలు మీదా అన్నే ఉంటే ఫొటో నిటారుగా వచ్చినట్టు. తేడా ఒక శాతం దాటితే మళ్లీ తీయమనడమే మేలు. దగ్గరికి వెళ్లి తీసేకన్నా రెండు మీటర్లు వెనక్కి జరిగి జూమ్ చేస్తే అంచులు వంకరపోవు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే పిక్సెళ్లు తగ్గిపోతాయి, డాక్యుమెంటుగా పంపమని అడగాలి.

ఎంత మంచి ఫొటో అయినా ప్లేటు మందాన్ని నమ్మకంగా చెప్పలేదు. గ్యాస్ కటింగ్‌తో కోసిన అంచున కరిగి గడ్డకట్టిన చిట్టెం ఉంటుంది, దాని కింద ఎండ నీడ పడుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లేటు ఫొటోలో 13గా కనిపించడం చాలా తేలిక. కింది ప్లేటు ఒక్కదానిలో ఆ ఒక్క మిల్లీమీటరు తప్పితే మొత్తం I 3 శాతం మారుతుంది. ఎత్తు, వెడల్పులు ఫొటో నుంచి తీసుకుని, మందం మాత్రం వెర్నియర్ కాలిపర్‌తో కొలిపించడం సరైన పద్ధతి. చిట్టెం, తుప్పు గోకాకే కొలవాలి. ప్లేట్లు 6, 8, 10, 12 లాంటి కొలతల్లో వస్తాయి కాబట్టి వచ్చిన అంకె వీటిలో ఒకదానికి దగ్గరగా ఉందో లేదో కూడా చూసుకోవచ్చు.

మన దూలానికి వచ్చిన కొలతలు ఇవీ: పై ప్లేటు 160 × 12, నిలువు ప్లేటు 176 × 8, కింది ప్లేటు 100 × 12, మొత్తం ఎత్తు 200 మిల్లీమీటర్లు. వెల్డింగు మూలల్లోని చిన్న త్రికోణాలని వదిలేద్దాం. లెక్కకి అడుగు అంచుని ఆధారంగా పెట్టుకుంటే, అక్కడి నుంచి మూడు ప్లేట్ల మధ్యబిందువులు వరుసగా 194, 100, 6 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటాయి. వాటి వైశాల్యాలు 1920, 1408, 1200 చదరపు మిల్లీమీటర్లు, మొత్తం 4528. ప్రతి వైశాల్యాన్నీ దాని ఎత్తుతో హెచ్చించి కూడితే 5,20,480. దాన్ని 4528తో భాగిస్తే 114.95. సెంట్రాయిడ్ అడుగు నుంచి 114.95, పైనుంచి 85.05 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. పై ప్లేటు పెద్దది కాబట్టి సగం ఎత్తు కన్నా పైకి జరిగింది. ఈ సంఖ్య 100కి తక్కువ వచ్చుంటే ఎక్కడో కొలత తలకిందులైనట్టే. ఫొటో సాఫ్ట్‌వేర్లు నిలువు కొలతని పైనుంచి కిందికి లెక్కపెడతాయి కాబట్టి ఇది తరచూ జరిగే పొరపాటు.

ఇక సమాంతర అక్షాల సిద్ధాంతం. దీర్ఘచతురస్రానికి దాని మధ్యగీత చుట్టూ I తెలిసిందే: వెడల్పుని ఎత్తు ఘనంతో హెచ్చించి 12తో భాగించడం. కానీ మనకి కావలసింది ఒక్కో ప్లేటు మధ్యగీత చుట్టూ కాదు, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న సెంట్రాయిడ్ గీత చుట్టూ. అక్షాన్ని ప్లేటు మధ్య నుంచి సమాంతరంగా d దూరం జరిపితే, ఆ ప్లేటు సొంత I కి, దాని వైశాల్యాన్ని d వర్గంతో హెచ్చిస్తే వచ్చేది కలుస్తుందని సిద్ధాంతం చెబుతుంది.

```
I = Σ ( b·h³/12 + A·d² )
```

పై ప్లేటు సొంత I 23,040 మాత్రమే. కానీ అది గీత నుంచి 79.05 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, దూరం వల్ల కలిసేది దాదాపు 1 కోటి 20 లక్షలు. కింది ప్లేటు వైశాల్యంలో చిన్నదైనా దూరం 108.95 కాబట్టి దానికి 1 కోటి 42 లక్షలు వస్తాయి, పెద్ద ప్లేటు కన్నా ఎక్కువ. నిలువు ప్లేటు కథ వేరు. అది దాదాపు గీత మీదే ఉంది, దూరం 14.95. దూరం వాటా 3 లక్షల 15 వేలే, సొంత I మాత్రం 36 లక్షల 35 వేలు. అన్నీ కూడితే 3,02,28,660 mm⁴, అంటే సుమారు 3023 cm⁴.

ఈ మొత్తంలో మూడు ప్లేట్ల సొంత I లు కలిపినా 36 లక్షల 72 వేలు, ఎనిమిదో వంతు కన్నా తక్కువ. మిగిలిందంతా దూరం ఇచ్చింది. పై, కింది ప్లేట్ల సొంత I ని మరిచిపోయినా నష్టం లేదు. నిలువు ప్లేటుది మరిచిపోతే 12 శాతం పోతుంది. దూరాల వర్గం మరిచిపోతే మిగిలేది ఎనిమిదో వంతే.

ఇదే I ని ఇంకో దారిలోనూ తీస్తారు. ముందు అడుగు అంచు చుట్టూ లెక్కకట్టి, చివర్లో మొత్తం వైశాల్యాన్ని సెంట్రాయిడ్ ఎత్తు వర్గంతో హెచ్చించి తీసేస్తారు. గణితంగా రెండూ ఒకటే, కానీ తప్పుని భరించే ఓపికలో పోలిక లేదు. సెంట్రాయిడ్ ఎత్తుని ఒక మిల్లీమీటరు ఎక్కువ రాసుకున్నామనుకోండి. మొదటి దారిలో I కేవలం 4528 పెరుగుతుంది, శాతంలో 0.015. రెండో దారిలో పది లక్షలకు పైగా తగ్గిపోతుంది, అది మూడున్నర శాతం. సెంట్రాయిడ్ దగ్గర I కనిష్ఠం కావడం వల్ల మొదటి దారిలో చిన్న జరుగుబాటు దాదాపు తెలియదు. రెండో దారిలో రెండు పెద్ద సంఖ్యల తేడా తీసుకుంటున్నాం, తప్పంతా ఆ తేడా మీద పడుతుంది. ఫొటో కొలతలకి మొదటి దారే నయం. రెండో దారిని సరిచూసుకోవడానికి వాడుకోవచ్చు, దశాంశాలు కత్తిరించకుండా.

ఆకారం దీర్ఘచతురస్రాలుగా విడదీయలేనంత వంకరగా ఉంటే ఫొటోలో స్టీలున్న ప్రతి పిక్సెల్‌నీ ఒక చిన్న చదరంగా తీసుకుని ఇదే సిద్ధాంతాన్ని లక్షలసార్లు వాడతారు. `mask` అంటే స్టీలున్న చోట 1, లేని చోట 0 ఉన్న బొమ్మ. `k` అంటే మిల్లీమీటరుకి పిక్సెళ్లు.

```
import numpy as np
y, x = np.nonzero(mask)
yc = y.mean()
I_px = ((y - yc)**2).sum() + len(y)/12
I_mm4 = I_px / k**4
```

చివరి వరుసలో `k` నాలుగో ఘాతంలో ఉంది. స్కేలు గురించి పైన అంత పట్టుబట్టింది దీనికోసమే.

I దొరికాక స్టీలు మీద పడే ఒత్తిడి చూడాలంటే దాన్ని సెంట్రాయిడ్ నుంచి దూరపు అంచుతో భాగించాలి. మన దూలంలో దూరపు అంచు కిందిది, 114.95. భాగిస్తే 263 cm³. దూలం మీద వచ్చే వంపుని ఈ అంకెతో భాగిస్తే ఒత్తిడి తెలుస్తుంది. సెంట్రాయిడ్ ఎలాగూ మధ్యలోనే ఉంటుందిలే అని 100తో భాగిస్తే 302 వస్తుంది, అంటే 15 శాతం ఎక్కువ బలం చూపిస్తుంది. ఇందాక I ని ఏమీ చేయలేని సెంట్రాయిడ్ తప్పు ఇక్కడ నేరుగా తగులుతుంది. 30 kN·m వంపు వచ్చినప్పుడు అసలు ఒత్తిడి 114 MPa అయితే, ఆ తప్పు లెక్క 99 అని చెబుతుంది.

ఫొటో చూపించలేనిది ఒకటి మిగిలింది. సిద్ధాంతంలో దూరం ఇచ్చే వాటా మొత్తం, మూడు ప్లేట్లూ ఒకే ముక్కగా వంగితేనే వస్తుంది. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారితే ఏది దాని మధ్యగీత చుట్టూ అది వంగుతుంది, మిగిలేది సొంత I ల మొత్తం, ఆ ఎనిమిదో వంతు. కోసిన చివర వెల్డింగు నిండుగా కనిపించినంత మాత్రాన పొడవంతా అలాగే ఉందని చెప్పలేం. అందుకని దూలం పక్కనుంచి, పై మూలలూ కింది మూలలూ కనిపించేలా పొడవునా ఫొటోలు అడగాలి.

ఎంత వెల్డింగు కావాలో కూడా ఇవే అంకెలు చెబుతాయి. పై ప్లేటు వైశాల్యాన్ని దాని దూరంతో హెచ్చిస్తే 1,51,780. దాన్ని షియర్ బలంతో, అంటే దూలాన్ని అడ్డంగా తెంచాలని చూసే బలంతో హెచ్చించి I తో భాగిస్తే, ప్రతి మిల్లీమీటరు పొడవునా వెల్డింగు పట్టి ఉంచాల్సిన బలం వస్తుంది. దూలం చివర 40 kN షియర్ ఉంటే అది మిల్లీమీటరుకి 200 న్యూటన్లు. నిలువు ప్లేటుకి రెండు వైపులా, మూలలో త్రికోణంగా వేసే 6 మిల్లీమీటర్ల ఫిల్లెట్ వెల్డింగు పొడవంతా ఉంటే, దాని గొంతు మందం 4.2 కాబట్టి వెల్డింగులో ఒత్తిడి 24 MPa, ఏ ఇబ్బందీ లేదు. అదే ప్రతి 300 మిల్లీమీటర్లకి 50 చొప్పున ముక్కలుగా వేసి ఉంటే ఆ ముక్కల్లో ఒత్తిడి 143 MPa. అలాంటి దూలమైతే ముందు ఆ ఖాళీలు వెల్డింగుతో నింపించి, ఆ తరవాతే 3023 cm⁴ అన్న అంకెని వాడాలి.