సంక్రాంతికి ఎవరింటికి? ఈ తగువు ఎక్కడ మొదలైంది

మా అత్తగారిది అమలాపురం వైపు, అమ్మవాళ్లది భీమవరం వైపు, కారులో రెండు గంటల దారి. అయినా పెళ్లయిన మూడో ఏడు సంక్రాంతికి ఎక్కడుండాలన్న దగ్గర మేమిద్దరం వారం రోజులు సరిగ్గా మాట్లాడుకోలేదు. మా అమ్మమ్మ కాలంలో ఇంత టెన్షన్ ఎందుకు లేదా అని అప్పుడే ఆలోచించాను.

అప్పట్లో ఎవరినీ అడిగేవాళ్లు కాదు, అంతే. కొత్త అల్లుడికి మొదటి పండుగ అత్తారింట్లో. కోతలై ధాన్యం ఇంటికొచ్చే రోజులు కాబట్టి బట్టలు పెట్టి మర్యాద చేయడానికి చేతిలో నాలుగు డబ్బులుండేవి. ఆ తర్వాత మాత్రం కొడుకు సొంతింట్లో ఉండాల్సిందే, ఎందుకంటే సంక్రాంతి పెద్దల పండుగ. ఆ రోజు పెద్దలకు బట్టలు పెట్టడం, తర్పణాలు వదలడం కొడుకు పని. కోడలు వంటింట్లో ఉండేది, పుట్టింటి నుంచి ఎవరైనా వచ్చి తీసుకెళితే ఆ తర్వాత వెళ్లేది. తెలంగాణలో ఆడపిల్లకు ఈ విషయంలో కాస్త మేలు, చాలా ఇళ్లలో బతుకమ్మకు పుట్టింటికి రావడం ఆనవాయితీ.

అప్పుడు కూతురు రాకపోయినా ఇల్లు ఖాళీ అయ్యేది కాదు, ఇద్దరో ముగ్గురో కొడుకులు, కోడళ్లు, పిల్లలు ఉండేవాళ్లు. అసలు మారింది ఇదే అని నా నమ్మకం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు 1992-93లో 2.6 మంది, 2019-21 నాటికి 1.7. నేను మా ఇంట్లో ఒక్కదాన్నే, ఆయనా ఒక్కరే. మేము ఏ ఇంటికి వెళ్లకపోతే ఆ ఇంట్లో అరిసెలు వండినా తినేవాళ్లుండరు.

ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు అని మొదట అనుకున్నాం. పైకి న్యాయంగానే ఉంది, కానీ మా వంతు రాని ఏడు భోగి పొద్దున అమ్మ ఫోన్ చేసి, మంట దగ్గర నాన్న ఒక్కరే నిలబడ్డారని చెప్పింది. అందుకే ఇప్పుడు పండుగనే పంచుకుంటున్నాం. భోగికి, సంక్రాంతికి అమలాపురంలో, ఆయన పెద్దలకు పెట్టుకుని భోజనం కాగానే బయల్దేరి చీకటి పడేలోపు భీమవరం. సాయంత్రమే ఎందుకంటే కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, పొద్దున వెళదామంటే అత్తగారు గడప దాటనివ్వరు. ఆ మాటే మా అమ్మకు కలిసొచ్చింది, కనుమకు చేరిన వాళ్లం ముక్కనుమ దాకా అక్కడే.

ఇది దగ్గరి ఊళ్లకే కుదురుతుంది. ఒకరిది శ్రీకాకుళం, ఒకరిది అనంతపురం అయితే వంతులు తప్పవు, అప్పుడు వంతు రాని ఇంటికి దసరా మొత్తం ఇచ్చేయాలి, ఒక్క పూట కాదు. ఏదైనా దీపావళి దాటగానే ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తారు, అంటే సంక్రాంతి ప్రయాణానికి నవంబర్ మధ్యలోనే. టికెట్ చేతికొచ్చాక చెబితే అది అడిగినట్టు కాదు, తెలియజేసినట్టు. మా మూడో ఏడు గొడవకు కారణం కూడా అదే, ఆయన ముందే బుక్ చేసేసి రాత్రి భోజనాల దగ్గర చెప్పారు.