డబ్బు పడిందంటారు, ఖాతాలో కనిపించదు: ఎన్‌పీసీఐ లింక్ వెనక కథ

తల్లికి వందనం డబ్బులు పడే రోజుల్లో ఏ సచివాలయానికి వెళ్లినా ఒకటే మాట వినిపిస్తుంది: "అమ్మా, మీకు ఎన్‌పీసీఐ ఇన్‌యాక్టివ్ అని వస్తోంది, బ్యాంకుకు వెళ్లి లింక్ చేయించుకోండి." ఆమె పాస్‌బుక్ తీసి చూపిస్తుంది. "ఆధార్ ఎప్పుడో ఇచ్చాను కదండీ, జెరాక్స్ కూడా తీసుకున్నారు." ఇద్దరూ చెప్పేది నిజమే. బ్యాంకుకు ఆధార్ ఇవ్వడం ఒక పని, ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాకే రావాలని నమోదు చేయించడం ఇంకో పని. రెంటినీ మనం 'లింక్' అనే పిలుస్తాం. ఈ తికమక ఎలా మొదలైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అప్పట్లో కూలి డబ్బు పోస్టాఫీసు ఖాతాల్లో, స్మార్ట్ కార్డుల మీద, రకరకాల దారుల్లో చేరేది. దారి ఏదైనా చివర్లో డబ్బు లెక్కపెట్టి ఇచ్చే మనిషి ఒకడుండేవాడు, ఎంతో కొంత అతని దగ్గరే ఆగిపోతుందన్న అనుమానం జనానికి ఎప్పుడూ ఉండేది. ఆ మనిషిని తప్పించాలంటే డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాకు పోవాలి. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ రాసుకుని పంపితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ నంబర్లు కాగితం మీంచి చూసి కొట్టేవి. ఒక అంకె తప్పితే డబ్బు వెనక్కి వస్తుంది, ఖర్మ కాలితే మరొకరి ఖాతాలో పడుతుంది. పైగా ఒకే మనిషి వివరాలు ఒక్కో శాఖ దగ్గర ఒక్కోలా ఉండేవి. ఖాతా మారిస్తే ప్రతి ఆఫీసుకూ వెళ్లి చెప్పుకోవాలి.

2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని తెంభ్లీ గ్రామంలో తొలి ఆధార్ నంబరు ఇచ్చారు. ఆ తర్వాత, ప్రభుత్వం ఖాతా నంబరు తెలుసుకోవాల్సిన పనే లేకుండా చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. శాఖ ఆధార్ నంబరు, మొత్తం మాత్రమే పంపుతుంది. అది ఏ బ్యాంకుకు వెళ్లాలో మధ్యలో ఒక సంస్థ చూసుకుంటుంది. ఆ సంస్థే ఎన్‌పీసీఐ, అంటే యూపీఐని నడిపేది. ఆ దారి పేరు ఆధార్ పేమెంట్ బ్రిడ్జ్.

దీన్ని పెద్ద ఎత్తున రుచి చూసింది మన ఊళ్లే. 2013 జూన్ 1న గ్యాస్ సబ్సిడీని ఖాతాలకు పంపడం కొన్ని జిల్లాల్లో ప్రారంభిస్తే, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి అనంతపురం, చిత్తూరు, తూర్పు గోదావరి, హైదరాబాద్, రంగారెడ్డి ఉన్నాయి. సిలిండర్‌కు ముందు పూర్తి ధర కట్టాలి, సబ్సిడీ తర్వాత వస్తుంది. లింక్ కాని వాళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు. ఫిర్యాదులు ఎక్కువయ్యాయి, 2014 మొదట్లో పథకాన్ని ఆపేశారు. అదే ఏడాది నవంబరులో మార్పులతో మళ్లీ తెచ్చి, 2015 జనవరి 1 నుంచి దేశమంతా అమలు చేశారు. ఆ మధ్యలోనే, 2014 ఆగస్టు 28న, జన్‌ధన్ ఖాతాలు వచ్చాయి. చాలా ఇళ్లలో తొలి 'ఆధార్ లింక్' ఈ గ్యాస్ కోసం జరిగిందే.

ఇప్పుడు అసలు కీలకం. ఎన్‌పీసీఐ దగ్గర 'మ్యాపర్' అనే పెద్ద పట్టిక ఒకటి ఉంది. ఒక గడిలో మీ ఆధార్ నంబరు, దాని పక్కన మీ బ్యాంకును గుర్తుపట్టే నంబరు. మీ ఖాతా నంబరు అక్కడ ఉండదు. ఒక ఆధార్‌కు ఒక బ్యాంకే ఉంటుంది. మీకు 4 ఖాతాలున్నా, నాలుగింటికీ ఆధార్ ఇచ్చినా, పట్టికలో ఉండేది చివరగా నమోదు చేసిన బ్యాంకే. డబ్బు వచ్చినప్పుడు ఎన్‌పీసీఐ ఈ గడి చూసి ఆ బ్యాంకుకు పంపుతుంది. ఆ బ్యాంకు తన కంప్యూటర్లో మీ ఆధార్‌తో ఏ ఖాతా ముడిపడి ఉందో వెతికి జమ చేస్తుంది.

అంటే డబ్బు తప్పిపోవడానికి రెండు చోట్లున్నాయి. మొదటిది, పట్టికలో మీ పేరున గడే లేకపోవడం, లేదా ఉండి ఇన్‌యాక్టివ్ అయిపోవడం. అప్పుడు డబ్బు ఏ బ్యాంకు గడపా తొక్కదు, అక్కడి నుంచే వెనక్కి వెళ్తుంది. రెండోది, పట్టిక సరిగ్గానే ఉంది, కానీ బ్యాంకు లోపల ఖాతా మూతపడింది, లేదా కేవైసీ లేక ఆపేశారు, లేదా ఆ ఆధార్ ఏ ఖాతాకూ తగిలించి లేదు. అప్పుడు బ్యాంకు తిప్పి పంపుతుంది. ఉపాధి హామీ జాబితాల్లో 'ఇన్‌యాక్టివ్ ఆధార్' అని కారణం కనిపిస్తే చాలామంది కంగారుపడి ఆధార్ సెంటర్‌కు పరిగెడతారు. ఆధార్ కార్డు శుభ్రంగానే ఉంటుంది. చచ్చుబడింది పట్టికలోని గడి. అది బాగయ్యేది బ్యాంకులోనే, ఆధార్ సెంటర్లో వేలిముద్ర వేస్తే కాదు.

వీటికి తోడు మూడో రకం ఒకటుంది, జనాన్ని ఎక్కువ తిప్పలు పెట్టేది నా లెక్కలో అదే. డబ్బు పడింది, కానీ మనం చూస్తున్న ఖాతాలో కాదు.

దీని మూలం 2017లో ఉంది. ఆ ఏడాది ప్రతి బ్యాంకు ఖాతాకూ డిసెంబరు 31లోగా ఆధార్ ఇవ్వాలన్నారు. ఫోన్ నంబర్లకూ ఇవ్వాలన్నారు. మెసేజ్‌ల మీద మెసేజ్‌లు, టెన్షన్. జనం ఉన్న ఖాతాలన్నింటికీ ఇచ్చేశారు. ఇక్కడే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకు వ్యవహారం బయటపడింది. సిమ్ కోసం ఆధార్ ఇచ్చిన వాళ్లకు స్పష్టమైన అనుమతి లేకుండానే ఖాతాలు తెరిచారని, వాళ్ల గ్యాస్ సబ్సిడీ ఆ ఖాతాల్లోకి మళ్లిందని ఆరోపణలు వచ్చాయి. ఆధార్ సంస్థ డిసెంబరులో ఆ కంపెనీ ఈ-కేవైసీ లైసెన్సును తాత్కాలికంగా నిలిపేసింది. 'చివరగా నమోదు చేసిన బ్యాంకుదే రాజ్యం' అన్న నియమం ఎంత ప్రమాదమో అప్పుడు అర్థమైంది. గడి మార్చాలంటే ఖాతాదారు అనుమతి, పాత బ్యాంకు పేరు ఉండాల్సిందేనన్న షరతు బిగించారు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు అన్ని ఖాతాలకూ ఆధార్ తప్పనిసరి అన్నదాన్ని కొట్టేసింది, ప్రభుత్వ సబ్సిడీలకు అడగడాన్ని మాత్రం నిలబెట్టింది. అందుకే ఇవాళ మామూలు ఖాతా ఆధార్ లేకుండా నడవొచ్చు. పథకాల డబ్బుకు మాత్రం ఆ గడి కావాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక తల్లికి 2015లో ఆంధ్రా బ్యాంకులో జన్‌ధన్ ఖాతా ఉందనుకుందాం. గ్యాస్ సబ్సిడీ అందులోనే పడేది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది, పాస్‌బుక్ మారింది, ఖాతా అదే. తర్వాత ఏదో పథకం కోసం 'లింక్ త్వరగా అవుతుంది' అన్నారని పోస్టాఫీసులో వేలిముద్ర వేసి ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిచింది. ఆమెకు గుర్తు కూడా లేదు. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద, ఒక బిడ్డకు 15,000లో బడి ఖర్చులకు 2,000 పోను 13,000 రావాలి. యూనియన్ బ్యాంకులో చూస్తే లేదు. సచివాలయంలో చూస్తే 'సక్సెస్'. ఎవరో తినేశారనే అనుమానం వస్తుంది.

ఇక్కడ గొడవ పెట్టుకునే ముందు చూడాల్సిన తెర ఒకటుంది. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ చేతిలో ఉంటే `myaadhaar.uidai.gov.in` తెరిచి, ఓటీపీతో లోపలికి వెళ్లి `Bank Seeding Status` నొక్కాలి. బ్యాంకు పేరు, `Active` లేదా `Inactive`, మార్చిన తేదీ కనిపిస్తాయి. ఖాతా నంబరు కనిపించదు, ఎందుకంటే ఆ పట్టికలో అది లేనే లేదు. ఈమె విషయంలో బ్యాంకు పేరు దగ్గర ఇండియా పోస్ట్ అని, పక్కన `Active` అని ఉంటుంది. డబ్బు భద్రంగా పోస్టాఫీసు ఖాతాలోనే ఉంది. పోస్ట్‌మ్యాన్ దగ్గర వేలిముద్ర వేసినా చేతికొస్తుంది. ఇకమీదట కూడా అక్కడే పడితే నాకేం అనుకుంటే చేయాల్సిన పని లేదు.

యూనియన్ బ్యాంకుకే రావాలనుకుంటే, ఆ బ్రాంచికి వెళ్లి, ఆధార్‌ను ఖాతాకు ముడిపెట్టే సీడింగ్‌కూ, పథకాల డబ్బు నేరుగా ఖాతాకు వచ్చే డీబీటీకీ అనుమతి పత్రం అడగాలి. కేవైసీ ఫారం వేరు, ఇది వేరు. కౌంటర్లో "ఆధార్ ఉందమ్మా, లింక్ అయ్యే ఉంది" అంటే వాళ్లు చూస్తున్నది తమ కంప్యూటర్ని. "డీబీటీకి, ఎన్‌పీసీఐలో మీ బ్యాంకుకు మార్చండి" అని విడమరిచి చెప్పాలి. ఆ పత్రంలో ప్రస్తుతం ఏ బ్యాంకులో ఉందో రాసే వరుస ఉంటుంది. అక్కడ ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు అని రాయాలి. అది ఖాళీగా వదిలేసి, కొత్త నమోదులా పంపితే మార్పు తిరస్కరణకు గురి కావచ్చు. రసీదు తీసుకుని, కొన్ని రోజులాగి మళ్లీ అదే తెర చూడాలి. అక్కడ పేరు మారేదాకా పని అయినట్టు కాదు. బ్యాంకుకు వెళ్లకుండా ఎన్‌పీసీఐ వెబ్‌సైట్లోనే అడిగే సదుపాయమూ ఇప్పుడుంది, అందులో చేరిన బ్యాంకులకు.

తెర మీద `Inactive` అని వస్తే మాత్రం ముందుగా ఖాతా సంగతి తేల్చుకోవాలి. రెండేళ్లుగా ఏ లావాదేవీ లేదా, పదేళ్ల నాటి జన్‌ధన్ కేవైసీ గడువు తీరిందా అని అడగాలి. ఖాతా నిద్రలో ఉండగా సీడింగ్ పత్రం ఇచ్చినా ఫలితం ఉండదు. కేవైసీ పూర్తి చేసి ఖాతా లేపాక, అప్పుడు సీడింగ్.

లింక్ బాగు చేయలేనివీ ఉన్నాయి. అర్హుల జాబితాలో పేరు లేకపోయినా, పీఎం కిసాన్‌లో ఈ-కేవైసీ చేయకపోయినా, భూమి రికార్డు కలవకపోయినా అసలు డబ్బు శాఖ నుంచే బయల్దేరదు. తెర మీద `Active` ఉండి, ఏ బ్యాంకులోనూ డబ్బు లేకపోతే తలుపు తట్టాల్సింది శాఖది.

వెనక్కి పోయిన డబ్బు సంగతి కూడా చాలామందికి తెలీదు. ఈరోజు లింక్ సరిచేస్తే వచ్చే విడత సరిగ్గా వస్తుంది. పోయిన విడత దానంతటదే తిరిగి రాదు. శాఖ దాన్ని మళ్లీ పంపాలి. ఉపాధి కూలి అయితే మండల ఆఫీసులో తిరస్కరించిన చెల్లింపుల జాబితా తీసి, వివరాలు సరిచేసి, చెల్లింపు ఆదేశం మళ్లీ తయారు చేయాలి. 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలికి ఈ ఆధార్ దారే తప్పనిసరి అయింది కాబట్టి, లింక్ పోయిన కూలీకి మరో దారి దొరకడం కష్టం. బ్యాంకు పని అయ్యాక తెర మీద `Active` వచ్చిన ఫొటో, జాబ్ కార్డు నంబరు పట్టుకుని వెళ్లి, ఏ వారం కూలి వెనక్కి పోయిందో చెప్పి అడగండి.