కై-స్క్వేర్ పాసైందా? ఎన్ని అంకెల మీద?

ఓటీపీ అంకెలు తీసే కోడ్ రివ్యూకి వస్తే, బెంగళూరు మారతహళ్ళిలోని మా ఆఫీసులో తరచుగా వినిపించే మాట: "అన్నా, కై-స్క్వేర్ పాసైంది, మెర్జ్ చేసెయ్యనా?" అంకెలన్నీ సమానంగా వస్తున్నాయా అని చూసే టెస్టు అది. ఎన్ని అంకెల మీద పాసైందో మాత్రం అడిగితే తప్ప చెప్పరు.

అపోహ: పాసైందంటే అంకెలన్నీ సమానంగా వస్తున్నట్టే.

ఈ లైన్ చూడండి.

```python
digit = os.urandom(1)[0] % 10
```

ఒక బైటుకి 256 విలువలు. పదితో భాగించి శేషం తీసుకుంటే 0 నుంచి 5 వరకు ఒక్కో అంకెకి 26 విలువలు, 6 నుంచి 9 వరకు 25 చొప్పున దక్కుతాయి. `os.urandom` తప్పేమీ లేదు, కొన్ని అంకెల వైపు ఈ మొగ్గు `% 10` దగ్గరే పుట్టింది.

ఇక టెస్టు. ఒక్కో అంకె ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్నిసార్లు రావాలో చూసి, తేడాని వర్గం చేసి, రావాల్సిన సంఖ్యతో భాగించి, పదింటినీ కూడతాం. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9. ఏ లోపమూ లేని జనరేటర్‌కి కూడా సగటున 9 వస్తుంది. 5 శాతం స్థాయిలో హద్దు 16.92, అది దాటితే ఫెయిల్.

వెయ్యి అంకెలు తీస్తే మన మొగ్గు ఆ 9కి కలిపేది సుమారు 0.37. అది ఎవరికీ కనపడదు, టెస్టు దాదాపు ఎప్పుడూ పాసే. అదే లక్ష తీయండి. ఒక్కోటి 10,000 సార్లు రావాల్సి ఉండగా మొదటి ఆరూ 10,156 చుట్టూ, మిగతా నాలుగూ 9,766 చుట్టూ తేలతాయి. ఈ తేడా ఒక్కటే 36.5 కలుపుతుంది, మొత్తం సగటున 45 దాటుతుంది. కోడ్ మారలేదు, శాంపిల్ పెరిగిందంతే. 250, ఆపైన వచ్చిన బైట్లను పారేసి మళ్ళీ తీస్తే మొగ్గు పోతుంది. `secrets.randbelow(10)` వాడితే ఆ పని కూడా అక్కర్లేదు.

అపోహ: విలువ ఎంత తగ్గితే అంత మంచిది.

0, 1, 2... 9, మళ్ళీ 0 అంటూ వరసగా ఇచ్చే కౌంటర్‌కి కై-స్క్వేర్ సరిగ్గా సున్నా! నిజంగా యాదృచ్ఛికమైతే 3.33 కన్నా తక్కువ రావడం నూటికి అయిదుసార్లే. ఒకసారి వస్తే టెన్షన్ పడక్కర్లేదు, ప్రతిసారీ వస్తుంటే మాత్రం అనుమానించాల్సిందే.

ఈ టెస్టు లెక్క చూస్తుంది, వరస చూడదు. వరస కోసం అంకెల్ని రెండేసి చొప్పున విడగొట్టి 100 గడుల మీద చేయాలి, అక్కడ హద్దు 123.2. కౌంటర్ నుంచి 10,000 అంకెలు తీస్తే 5,000 జంటలు, గడికి 50 రావాలి. వచ్చేవేమో 01, 23, 45, 67, 89 మాత్రమే, ఒక్కోటి వెయ్యిసార్లు. విలువ 95,000.

అపోహ: ఎన్నిసార్లు వచ్చాయన్న లెక్కల బదులు శాతాలు వేసినా ఒకటే.

కాదు. శాతాలు వేస్తే మీరు ఎన్ని తీసినా ఫార్ములా వంద అంకెలే అనుకుంటుంది. పై లక్ష అంకెల 36.5 కాస్తా 0.0365 అయిపోతుంది, ఇలాంటి మొగ్గున్న జనరేటర్ ఎన్ని అంకెలు తీసినా పాసైపోతుంది.